ఇష్టానికి హద్దు: కాంట్రాక్టులో సద్భావం, విచక్షణాధికారం



ఒప్పందం రాసుకునే ఇరుపక్షాలూ రాబోయే ఇరవై ఏళ్ల సంగతులన్నీ ముందే ఊహించలేవు కనుక, కొన్ని నిర్ణయాలను అప్పటి పరిస్థితిని బట్టి ఒక పక్షమే తీసుకోవచ్చునని పత్రంలో రాసుకోవడం వ్యాపారంలో మామూలే. ఇలా ఒకరి చేతికి అప్పగించిన నిర్ణయాధికారాన్నే న్యాయపరిభాషలో విచక్షణాధికారం అంటారు. ‘తన ఇష్టానుసారం’, ‘సంపూర్ణ విచక్షణతో’ వంటి మాటలతో ఆ అధికారం ఇచ్చినప్పుడు దాన్ని పొందిన పక్షం నిజంగానే ఎలాగైనా వాడుకోవచ్చునా, లేక ఒప్పందాన్ని సద్భావంతో, అంటే నిజాయితీగా, ఎదుటిపక్షంతో కుదిరిన బేరానికి ద్రోహం చేయకుండా నెరవేర్చాలనే బాధ్యత అక్కడ కూడా అడ్డు నిలుస్తుందా అన్నదే ఈ స్మారకోపన్యాసానికి విషయం.

ఆంగ్ల న్యాయస్థానాలలో ఈ ఆలోచన 1766 నాటి కార్టర్ వర్సెస్ బోహెమ్ తీర్పులో స్పష్టంగా కనిపిస్తుంది. సుమత్రా దీవిలోని మార్ల్‌బరో కోట శత్రువుల చేజిక్కితే కలిగే నష్టానికి తీసుకున్న బీమాపై వచ్చిన వివాదమది. కోట బలహీనతను తమకు చెప్పలేదని బీమా ఇచ్చిన పక్షం వాదించగా, ఆ సంగతులు వారు తెలుసుకోగలిగినవేనని లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ వాదనను తోసిపుచ్చాడు. అయితే, తనకొక్కడికే తెలిసిన విషయాన్ని దాచి ఎదుటివాణ్ణి బేరంలోకి లాగడాన్ని సద్భావం నిషేధిస్తుందని, ఆ సూత్రం ఒప్పందాలన్నిటికీ వర్తిస్తుందని ఆయన అదే తీర్పులో చెప్పాడు. తరువాతి కాలంలో ఆ విశాల సూత్రం బీమా వంటి కొన్ని ఒప్పందాలకే కుదించుకుపోయింది; మిగిలిన వ్యాపారంలో ఎవరి మేలు వారు చూసుకోవాలన్న దృష్టి బలపడింది. 1992లో వాల్ఫర్డ్ వర్సెస్ మైల్స్ కేసులో, సద్భావంతో బేరసారాలు జరపాలన్న ఒప్పందం అమలుకు నిలవదని బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది.

ముందు గుమ్మం ఇలా మూసుకున్నా, విచక్షణాధికారం విషయంలో సద్భావం పక్క వాకిలిగుండా లోపలికి వచ్చింది. ఓడల అద్దె ఒప్పందాలపై వచ్చిన కేసుల్లో, ముఖ్యంగా 1993 నాటి ‘ప్రొడక్ట్ స్టార్’ తీర్పులో, నిర్ణయాధికారం గల పక్షం నిజాయితీగా ఉంటే చాలదని, నిర్హేతుకంగానో అడ్డగోలుగానో నిర్ణయించకూడదని న్యాయస్థానాలు అన్నాయి. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు బ్రగాంజా కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసింది. అట్లాంటిక్ నడిమధ్య ఓడ నుంచి అదృశ్యమైన చీఫ్ ఇంజనీరు మరణం అతని బుద్ధిపూర్వక చర్య వల్ల కలిగిందని కంపెనీ అభిప్రాయపడితే పరిహారం ఇవ్వనవసరం లేదని ఉద్యోగ ఒప్పందంలో ఉంది. కంపెనీ దాన్ని ఆత్మహత్యగా భావించి పరిహారం నిరాకరించింది. భవిష్యత్తులో భద్రత మెరుగుపరచడానికి రాసిన ఒక విచారణ నివేదికపైనే ఆ అభిప్రాయం ఆధారపడిందని, అంత తీవ్రమైన నిర్ధారణకు రావడానికి గట్టి ఆధారాలు కావాలన్న ఎరుక నిర్ణయించినవారిలో లేదని ముగ్గురు న్యాయమూర్తులు అనగా, ఇద్దరు విభేదించారు. ‘కంపెనీ అభిప్రాయం’ అని రాసి ఉన్నా, ఆ అభిప్రాయానికి వచ్చిన దారి సరైనదేనా అని కోర్టు చూడగలదని దీనితో తేలింది.

దారి సరే, అసలు హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు నిండైన సమాధానం కెనడాలో దొరికింది. అక్కడి సుప్రీంకోర్టు 2014లో భసీన్ వర్సెస్ రిన్యూ కేసులో సద్భావాన్ని ఒప్పంద న్యాయానికి మూలసూత్రంగా గుర్తించి, 2021 ఫిబ్రవరి 5న వేస్ట్‌టెక్ కేసులో దాన్ని విచక్షణాధికారానికి అన్వయించింది. ఆ కేసు వివరాలలోనే సూత్రం బోధపడుతుంది కనుక వాటిని కొంత తీరికగా చూడాలి.

వాంకూవర్ మహానగర ప్రాంతపు సంస్థ 1996లో వేస్ట్‌టెక్ అనే కంపెనీతో చెత్త రవాణాకు ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకుంది. చెత్త చేరవలసిన చోట్లు మూడు: వాంకూవర్ డంపింగ్ యార్డు, బర్నబీలో చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కేంద్రం, చాలా దూరాన ఉన్న కేష్ క్రీక్ డంపింగ్ యార్డు. దూరం ఎక్కువ కనుక కేష్ క్రీక్‌కు రేటూ ఎక్కువే. కంపెనీ ఖర్చు ఆదాయంలో 89 శాతం ఉండాలని, అంటే 11 శాతం లాభం మిగలాలని ఒక లక్ష్యం పెట్టుకున్నారు. లెక్క తప్పితే తరువాతి రేట్లను సవరించే ఏర్పాటు కూడా చేశారు. కానీ ఏ ఒక్క సంవత్సరంలోనైనా ఆ లాభం వచ్చి తీరుతుందన్న హామీ ఇవ్వలేదు. పైగా ఏ చోటికి ఎంత చెత్త పంపాలో నిర్ణయించే అధికారం సంస్థకే వదిలారు.

2011లో ఆ సంస్థ కేష్ క్రీక్‌కు పంపే చెత్తను తగ్గించి దగ్గరి యార్డుకు మళ్లించింది. కంపెనీ లాభం ఆ ఏడు 4 శాతానికి పడిపోగా, అది 28,88,162 డాలర్ల పరిహారం అడిగింది. సంస్థ నిజాయితీగానే, తన పనికి తగిన కారణాలతోనే నడుచుకున్నదని ఒప్పుకుంటూనే, ఎదుటిపక్షపు న్యాయమైన ఆశలను ఆ నిర్ణయం దెబ్బతీసిందని మధ్యవర్తి కంపెనీ పక్షాన అవార్డు ఇచ్చాడు. పై కోర్టులు దాన్ని రద్దు చేయగా, సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది.

న్యాయమూర్తి కాసిరర్ రాసిన అధికసంఖ్యాకుల తీర్పు ప్రకారం అడగవలసిన ప్రశ్న నిర్ణయం ఎదుటివారికి నష్టమా, లాభమా అన్నది కాదు. ఆ అధికారాన్ని ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో దానితో నిర్ణయానికి సంబంధం ఉన్నదా లేదా అన్నది. ఆ ప్రయోజనాన్ని ఒప్పందం మొత్తాన్ని చదివి గ్రహించాలి. ఇరవై ఏళ్లలో మారే పరిస్థితులకు తగినట్టు చెత్త వ్యవస్థను పొదుపుగా, సమర్థంగా నడపడానికే ఇక్కడ విచక్షణ ఇచ్చారు. బర్నబీ కేంద్రాన్ని నిండుగా వాడుకోవడం, కేష్ క్రీక్‌లో మిగిలిన స్థలాన్ని కాపాడడం, ఖర్చు తగ్గించడం అనే సంస్థ కారణాలు మూడూ ఆ ప్రయోజనంలోనే ఇమిడి ఉన్నాయి. పైగా ఇలాంటి నష్టం రావచ్చునని ఇరుపక్షాలూ బేరమాడేటప్పుడే గుర్తించి, విచక్షణకు పరిమితి పెట్టకుండా వదిలేశాయి. బేరంలో అడిగి పొందని రక్షణను సద్భావం పేరుతో కోర్టు తరువాత చేర్చదు. అదే సంస్థ, ఉదాహరణకు, వేరే వివాదంలో కంపెనీ మెడ వంచడానికే చెత్తను మళ్లించి ఉంటే, ఆ నిర్ణయానికి ప్రయోజనంతో సంబంధం తెగిపోయి ఉల్లంఘన అయ్యేది. ‘సంపూర్ణ విచక్షణ’ అని రాసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోదని కూడా కోర్టు స్పష్టం చేసింది.

భారతదేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో సద్భావాన్ని సాధారణ బాధ్యతగా విధించే సెక్షన్ లేదు. అయినా 1987లో రామేశ్వర రైస్ మిల్స్ కేసులో, ఉల్లంఘన వల్ల కలిగిన నష్టాన్ని లెక్కగట్టే అధికారం ప్రభుత్వాధికారికి ఇచ్చినా, వివాదం ఉన్నప్పుడు అసలు ఉల్లంఘన జరిగిందా అన్నది ఆయనే తేల్చలేడని, ఒక పక్షం తన తగవుకు తానే తీర్పరి కాలేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చిన పని ఒకటైతే అధికారం మరొక పనికి సాగదన్న భావమే ఇక్కడా ఉంది. కాబట్టి ‘అధికారి నిర్ణయమే తుది’ అన్న నిబంధన కింద సంతకం చేసే కాంట్రాక్టరు ఆ నిర్ణయం దేనిమీద, ఎందుకోసం అన్నది పత్రంలోనే రాయించుకోవాలి. రేపు వివాదం వస్తే కోర్టు వెతికేది ఆ ప్రయోజనాన్నే. ఒకరి ఇష్టానికి వదిలిన నిర్ణయం వదిలిన పనికే కట్టుబడి ఉంటుందన్నది ఈ చరిత్ర నేర్పే పాఠం. అందులో వచ్చే నష్టాన్ని మాత్రం రాసుకున్నవారే భరించాలి.