నెలన్నర టీకా నాడు తల్లికీ ఓ పరీక్ష

అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా? కాన్పు కాగానే తగ్గిపోయిందన్నారా? అయినా ఒక పరీక్ష మిగిలే ఉంది. బిడ్డకు నెలన్నర టీకా వేయిస్తారు కదా, ఆ రోజుల్లోనే మీరూ చేయించుకోండి.

పరగడుపున వెళ్లాలి. ముందు రక్తం తీస్తారు. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిస్తారు. రెండు గంటలకు మళ్లీ తీస్తారు. బిడ్డ పాలకు ఏడుస్తుందని చాలామంది మొదటి రక్తం ఇచ్చి వచ్చేస్తుంటారు. నాకు బాధ అదే. పరగడుపున బాగానే ఉండి, గ్లూకోజు తాగాకే పెరిగే షుగర్ అప్పుడు బయటపడదు. బిడ్డను వెంట తీసుకెళ్లండి, అక్కడే పాలివ్వండి. ఆ రెండో రక్తం మాత్రం ఇచ్చి రండి.

ఫలితం బాగుందా? సంతోషం. అయినా ఏడాదికోసారి షుగర్ చూపించుకోవాలి. బిడ్డ పుట్టినరోజు వచ్చే నెలలో అనుకుంటే మరచిపోరు.