రెండు బ్యాటరీలు, రెండు సమీకరణాలు

ఒక సర్క్యూట్ తీసుకుందాం. ఎడమ కొమ్మలో 14 వోల్టుల బ్యాటరీ, 2 ఓముల నిరోధం. కుడి కొమ్మలో 6 వోల్టుల బ్యాటరీ, మరో 2 ఓములు. నడిమి కొమ్మలో 4 ఓములు. బ్యాటరీల ధనధ్రువాలు రెండూ పైకే ఉన్నాయి.

ఎడమ వలయంలో కరెంటు x, కుడి వలయంలో y, రెండూ సవ్యదిశలో అనుకుందాం. నడుమ పారేది వాటి తేడా. కిర్కాఫ్ వోల్టేజి నియమం ప్రకారం:

6x − 4y = 14
−4x + 6y = −6

మొదటిదాన్ని 2తో, రెండోదాన్ని 3తో గుణించి కూడితే x తొలగిపోతుంది. 10y = 10 మిగులుతుంది. అంటే y 1 ఆంపియర్, x 3.

నడుమ 2 ఆంపియర్లు, 8 వోల్టులు. సరిచూద్దాం: 14లో 8 పోగా మిగిలిన 6 వోల్టులు 2 ఓముల్లో 3 ఆంపియర్లే పంపుతాయి. కుడి బ్యాటరీలోకి ధనధ్రువం గుండా కరెంటు వెళ్తోంది కనుక అది ఛార్జవుతోంది. y రుణాత్మకంగా వస్తే తప్పు కాదు. కరెంటు మనం అనుకున్న దిశకు ఎదురుగా పారుతోందని అర్థం.