పై వాళ్లు చెప్పారంటే చట్టం ఊరుకోదు



మీ విరాళాలతో చదివిన పిల్లలు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, జిన్నింగ్ మిల్లుల్లో లెక్కలు రాస్తున్నారు. యజమాని దొంగ బిల్లు రాయమంటే ఏం చేయాలని మమ్మల్ని అడుగుతుంటారు. వారికి సత్యం కంప్యూటర్స్ కేసు చెబుతాం. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు ఆ కంపెనీ ఉద్యోగులకూ 7 ఏళ్ల జైలుశిక్ష వేసింది. వారు అప్పీలుకు వెళ్లారు.

అక్కడికక్కడే చంపేస్తామన్న బెదిరింపుకు లొంగి చేస్తే చట్టం మన్నించవచ్చు. ఉద్యోగం పోతుందన్న భయాన్ని మన్నించదు. స్టాండింగ్ ఆర్డర్లున్న మిల్లుల్లో న్యాయమైన ఆదేశాన్ని ధిక్కరిస్తేనే తప్పు. దొంగ బిల్లు రాయననడం తప్పు కాదు. ఆ మాట కాగితం మీద రాసిచ్చి, నకలు దాచుకోమంటున్నాం.

చిన్న దుకాణాల్లో ఆ రక్షణ లేదు. అందుకే, అలా కాదన్న గుమాస్తాను పనిలోంచి తీసేయవద్దని వ్యాపారులైన దాతలను కోరుతున్నాం.