పాత బొమ్మ మీది పసుపు పొర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పాత తైలవర్ణ చిత్రాలను బాగుచేయడం నా వృత్తి. హెడ్మాస్టరు గదిలోని వ్యవస్థాపకుల చిత్రాన్ని ఈ ఉత్సవానికి "కాస్త తుడిచి మెరిపించమని" సంఘం వారు నన్ను అడిగారు. అప్పుడు మీలో కొందరు వేసిన ప్రశ్నలకే ఇక్కడ జవాబు చెబుతాను.

బొమ్మ ఎందుకు నల్లబడింది?

చాలావరకు నల్లబడింది రంగు కాదు, దాని మీది వార్నిష్. గుగ్గిలం లాంటి చెట్టు బంకను కరిగించి, మెరుపు కోసం, రక్షణ కోసం పైన పూసేవారు. వెలుతురు, గాలి తగిలి కొన్ని దశాబ్దాల్లో అది తేనె రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. దుమ్ము, మసి తోడవుతాయి. అందుకే నీలి ఆకాశం ఆకుపచ్చగా, తెల్ల పంచె పసుపుగా కనిపిస్తాయి.

మరి పగుళ్లు?

రంగులో కలిపే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. కింది గుడ్డ మాత్రం తేమను బట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఆ కదలికకు తాళలేక రంగు చిట్లుతుంది. శుభ్రం చేసినా పగుళ్లు పోవు. అయితే అవి మాకు సాక్ష్యం. తర్వాతెవరో పైన రంగు వేస్తే, అది పాత పగుళ్లను పూడ్చేసి ఉంటుంది.

వార్నిష్ తీస్తే ఏం బయటపడుతుంది?

ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియానికి 1873లో ఒక డచ్ చిత్రం వచ్చింది. 1641 ప్రాంతంలో హెండ్రిక్ వాన్ ఆంథోనిసెన్ గీసిన సముద్రతీరం అది. చలికాలపు ఒడ్డున జనం గుంపుగా ఎందుకు నిలబడ్డారో అర్థమయ్యేది కాదు. పసుపు వార్నిష్ తీస్తుంటే, ఒక మనిషి గాలిలో నిలబడినట్టు కనిపించాడు. పక్కన తెరచాప లాంటిది తేలింది. అది తెరచాప కాదు, రెక్క. మైక్రోస్కోపు కింద పైపూత రంగును కొంచెం కొంచెంగా తీస్తే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం బయటపడింది. ఆ మనిషి దాని మీదే నిలబడ్డాడు! 2014లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

మన బొమ్మ సంగతి?

చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూశాను. పాత వార్నిష్ ఆకుపచ్చ ఛాయతో వెలిగింది. చెంప మీద ఒక చోట నల్లటి మచ్చ, అంటే అక్కడ ఎవరో తర్వాత రంగు దిద్దారు. అంచున గోరంత చోట ద్రావకంలో ముంచిన దూదిని దొర్లించాను. దూది పసుపైతే వచ్చింది వార్నిష్. ఇంకే రంగు అంటినా చెయ్యి ఆపాలి, తీసిన రంగును తిరిగి పెట్టలేం కదా! మొదట పసుపే వచ్చింది. కోటు దగ్గర మాత్రం గోధుమ రంగు అంటింది. ఆపేశాను.

కింది మూలలో ఎప్పుడో ఎవరో సబ్బునీళ్లతో రుద్దారు. ఆ నీళ్లు పగుళ్లలోంచి దిగి రంగు పెచ్చులు లేచాయి. ముందు వాటిని అతికించాలి, శుభ్రం చేయడం ఆ తర్వాతే.

అందుకే ఈ రోజు వేదిక మీద ఆయన మసకగానే ఉన్నారు. నేను తిరిగి వచ్చేదాకా దయచేసి తడిగుడ్డను ఆయన దగ్గరికి రానివ్వకండి.