11 నెలల అగ్రిమెంట్, 12 నెలల రిమైండర్: తేడా ఎక్కడొస్తుందంటే

ఇంట్లో రెండు మూడు పోర్షన్లు అద్దెకిచ్చి, ఆ లెక్కంతా మీ ఫోన్ మీద పడిందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే.

హైదరాబాద్‌లో మావి నాలుగు పోర్షన్లు. ఫస్ట్ ఫ్లోర్ అగ్రిమెంట్ 2025 జూన్ 1న మొదలైంది. 11 నెలలు కాబట్టి 2026 ఏప్రిల్ 30తో అయిపోతుంది. నేనేం చేశానంటే, ఏప్రిల్ 30కి రిమైండర్ పెట్టి, 'ప్రతి ఏడాదీ' అని నొక్కేశాను. తప్పు అక్కడే జరిగింది. తర్వాతి అగ్రిమెంట్ మే 1న మొదలైతే 2027 మార్చి 31కే ముగుస్తుంది. రిమైండర్ మాత్రం ఏప్రిల్ 30న మోగుతుంది, అంటే నెల లేటు. ఆ పై ఏడాది అగ్రిమెంట్ ఫిబ్రవరి 29తో ముగుస్తుంది, అప్పుడు రెండు నెలలు లేటు. ఆ మధ్యలో అద్దె పెంపు మీదో, ఖాళీ చేసే నోటీసు మీదో మాట తేడా వస్తే, చూపించడానికి చేతిలో కొత్త కాగితం ఉండదు.

అందుకే అగ్రిమెంట్‌కి రిపీట్ పెట్టకండి. సంతకాలైన రోజే కాగితం మీదున్న ముగింపు తేదీ చూసి, ఒక్కసారికి మాత్రమే ఎంట్రీ వేయండి. దానికి 75 రోజుల ముందు ఇంకో అలర్ట్ పెట్టండి. నోటీసు రెండు నెలలైతే, మాట్లాడుకోవడానికి రెండు వారాలు మిగులుతాయి. ఏప్రిల్ 30కి అది ఫిబ్రవరి 14. మార్చి 31కైతే జనవరి 15, సరిగ్గా సంక్రాంతికి అద్దెవాళ్లు ఊళ్లో ఉండే రోజులు. అలాంటప్పుడు అలర్ట్‌ని ఓ వారం ముందుకి జరపండి.

సర్వీసింగ్ అలా కాదు. అది కాలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 'ప్రతి ఏడాదీ' రిపీట్ పెట్టొచ్చు. ఏసీ సర్వీస్ ఫిబ్రవరిలో చేయించండి, ఎండలు ముదిరాక మెకానిక్ దొరకడు. వానలకి ముందు, మేలో, డాబా మీద నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీయించండి. గీజర్ అక్టోబర్‌లో. బోరు నీళ్లయితే లోపల ఉప్పు పేరుకుంటుంది. నీళ్లు వేడెక్కడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతోందంటే అదే గుర్తు.

మరి ఇల్లు చూసి రావడం ఎప్పుడు? దానికి వేరే రోజు వద్దు. మెకానిక్‌తో పాటే మీరూ వెళ్లండి. ముందు రోజే ఫోన్ చేసి, "అక్కా, రేపు ఏసీ అబ్బాయితో వస్తున్నాం, ఏ టైమైతే మీకు వీలు?" అని అడగండి. వంటగది సింకు కింద, బాత్రూమ్ పైకప్పు మీద చెమ్మ ఉందేమో చూసి, ఫొటో తీసి, అదే క్యాలెండర్ ఎంట్రీకి జత చేయండి. ఖాళీ చేసే రోజు అడ్వాన్స్‌లో ఎంత కోత అన్న గొడవ వస్తే, ఆ తేదీ ఉన్న ఫొటోనే మీ రెండు వైపులా సాక్ష్యం.

ఈ రోజు ఒక్క పని చేయండి. మీ అగ్రిమెంట్లు బయటికి తీసి, ముగింపు తేదీలు ఫోన్‌లో ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూసి, కామెంట్‌లో చెప్పండి. ఉంటానండీ.