ఏడేళ్ళ బిడ్డకు చిక్కుప్రశ్నలు ఎలా మొదలుపెట్టాలి?
(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం చిన్నదే. ఏడేళ్ళ పిల్లవాడికో, పిల్లకో తర్కంతో విప్పే చిక్కుప్రశ్నలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు తీసుకుపోవాలి అన్నది. పొడుపుకథల సంగతి కాదు. పొడుపుకథకు జవాబు తట్టాలి. నేను చెప్పే ప్రశ్నలకు జవాబు తట్టనక్కర లేదు, ఇచ్చిన మాటల్లోనుంచి మెట్టు మెట్టుగా రాబట్టవచ్చు. వీటిలోనూ ఒక్క రకమే తీసుకుంటాను. "ఎవరిదగ్గర ఏముంది" అని కనుక్కునే రకం.

స్విట్జర్లాండు దేశస్థుడు పియాజే అనే మనస్తత్వవేత్త (1896–1980) పిల్లల ఆలోచన మీద చాలా పని చేశాడు. సుమారు ఏడో ఏట పిల్లలు కంటికి కనబడే, చేతికి అందే వస్తువుల గురించి క్రమంగా తర్కించడం మొదలుపెడతారనీ, వట్టి ఊహల మీద తర్కించడం పదకొండు పన్నెండేళ్ళ ప్రాంతాన వస్తుందనీ ఆయన అన్నాడు. ఆ వయసులు అంత కచ్చితం కావని తరువాతివారు తేల్చారు లెండి. అయినా మనకు పనికివచ్చే మాట అందులో ఒకటుంది. మొదట కాగితం వద్దు, వస్తువు కావాలి.

రెండు కప్పులు తీసుకోండి, ఒకటి తెల్లది, ఒకటి నీలం. బిడ్డను కళ్ళు మూసుకోమని ఒకదాని కింద చింతగింజ పెట్టి రెండూ బోర్లించండి. "తెల్ల కప్పు కింద లేదు. ఎక్కడుంది?" అనండి. బిడ్డ వెంటనే నీలం కప్పు ఎత్తుతుంది. అక్కడితో సరిపెట్టకుండా "ఎలా తెలిసింది?" అని అడగండి. "ఊరికే తెలిసింది" అంటారు చాలామంది. తొందరపెట్టవద్దు, మీరే చెప్పేయనూ వద్దు. నాలుగైదు సార్లు ఆడాక "అక్కడ లేదుగా, ఇంక ఇక్కడే ఉండాలి" అనే మాట బిడ్డ నోటనే వస్తుంది. ఆ మాట వచ్చిందంటే మొదటి మెట్టు అయినట్టే. రోజుకు పది నిమిషాలు చాలు.

ఇక్కడ ఒక సంగతి. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడతారు. ఆధారం ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు గాని, బిడ్డ ఆడుకునేటప్పుడు ఏ భాష మాట్లాడుతుందో అందులో చెప్పండి. "నహీఁ" అన్నా "లేదు" అన్నా ఒకటే. ఆ చిన్నమాట జారిపోయిందంటే మాత్రం ప్రశ్న తలకిందులవుతుంది. కాబట్టి దాన్ని నొక్కి పలకండి.

ఇప్పుడు మూడో కప్పు తెండి, ఎర్రది. అసలు పని ఇక్కడే ఉంది. "తెల్ల కప్పు కింద లేదు" అని ఒక్క మాట చెప్పి ఆగండి. బిడ్డ ఏం చేస్తుంది? నూటికి తొంభైపాళ్ళు ఏదో ఒక కప్పు ఎత్తబోతుంది. అదృష్టం బాగుండి గింజ దొరికితే మరీ నష్టం, ఊహించడమే పద్ధతి అనుకుంటుంది. అందుకని కప్పు మీద మీ చెయ్యి పెట్టి, "నీలం కింద ఉండవచ్చా?" అని అడగండి. ఉండవచ్చు. "ఎర్రదాని కింద?" అదీ ఉండవచ్చు. "అయితే ఇప్పుడు చెప్పగలమా?" అనండి. "ఇంకా చెప్పలేం" అన్నది సరైన జవాబు. దాన్ని తప్పుగానో, ఓటమిగానో చూడకండి, "శభాష్" అనండి. తరువాత "ఎర్ర కప్పు కింద కూడా లేదు" అని రెండో ఆధారం ఇవ్వండి.

ఈ మెట్టు మీద వారమైనా, రెండు వారాలైనా ఉండండి. బిడ్డ తానుగా చెయ్యి వెనక్కి తీసుకొని "ఇంకో మాట చెప్పు అమ్మీ" అనేదాకా ముందుకు పోవద్దు. తొందరపడి పైమెట్టుకు పోయిన పిల్లలు అక్కడ కూడా ఊహించడమే చేస్తారు.

ఆ తరువాత ముగ్గురు పిల్లలు, మూడు పండ్లు. మూడు చీటీల మీద సలీం, రజియా, మున్నా అని రాసి వరుసగా పెట్టండి. పక్కన ఒక జామకాయ, ఒక అరటిపండు, ఒక బత్తాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి దక్కింది. ఆధారాలు ఇవి: సలీంకు అరటిపండు రాలేదు. సలీంకు బత్తాయీ రాలేదు. రజియాకు బత్తాయి రాలేదు.

సలీంకు రెండూ కావు గనుక జామకాయే. బిడ్డ జామకాయను సలీం చీటీ ముందు పెడుతుంది. ఇక రజియా సంగతి. బత్తాయి కాదన్నాం. ఇక్కడ కాగితం మీద చేసే పిల్లలు "అయితే జామకాయా, అరటిపండా?" అని చిక్కుకుపోతారు. జామకాయ అయిపోయిందని ఎవరూ చెప్పలేదు గదా! నిజం పండ్లతో ఆడితే ఆ చిక్కే లేదు. జామకాయ సలీం దగ్గరికి పోయింది, మిగిలినవి రెండే. కనుక రజియాకు అరటిపండు, మున్నాకు బత్తాయి.

దీన్ని బిడ్డ రెండు మూడుసార్లు తడబడకుండా చేశాక పలక తీయండి. మూడు అడ్డువరుసలు, మూడు నిలువు వరుసలు, తొమ్మిది గళ్ళు. పక్కన పేర్లు, పైన పండ్లు. "కాదు" అంటే ఇంటూ గుర్తు, "అవును" అంటే సున్నా చుట్టాలి. పై ఆధారాలతో మూడు ఇంటూలు పడతాయి. సలీం వరుసలో మిగిలిన ఒక్క గడిలో సున్నా. సున్నా పడగానే ఆ అడ్డువరుసలోనూ, ఆ నిలువు వరుసలోనూ మిగతా గళ్ళకు ఇంటూ పెట్టాలి. జామకాయ సలీం దగ్గరికి పోయిందన్నదానికి పలక మీద గుర్తు అదే. పిల్లలు మరిచేదీ అదే. మరిచినప్పుడు తప్పు దిద్దకండి, మళ్ళీ పండ్లు తెచ్చి ముందు పెట్టండి.

అది కుదిరాక అవే ఆధారాలను తిరగేసి, రజియా మాట ముందు చెప్పండి. ఆ మాటతో ఏమీ తేలదు. దాన్ని పక్కన ఉంచి సలీం సంగతి చూసి, తిరిగి రావాలి. "ఇంకా చెప్పలేం" అని నేర్చిన బిడ్డకు ఇది కష్టం కాదు.

ఇక ప్రశ్నలు తయారుచేసే మీకొక మాట. ముందు జవాబు పెట్టుకొని, దానికి తగ్గ ఆధారాలు రాసుకోండి. రాసుకున్నాక వేరే జవాబు కుదురుతుందేమో మీరే విప్పి చూడండి. పై ప్రశ్నలో "సలీంకు బత్తాయి రాలేదు" అన్న మాట తీసేస్తే ఏమవుతుందో తెలుసా? ఒకటి కాదు, మూడు జవాబులు కుదురుతాయి. సలీంకు బత్తాయి, రజియాకు జామకాయ, మున్నాకు అరటిపండు అన్నా సరిపోతుంది. సలీంకు బత్తాయి, రజియాకు అరటిపండు, మున్నాకు జామకాయ అన్నా సరిపోతుంది. అటువంటి ప్రశ్న ఇచ్చి బిడ్డ జవాబు తప్పంటే, తప్పు మనది, తిట్లు బిడ్డకు.

ఒకరు ఎప్పుడూ నిజమే చెబుతారు, ఒకరు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు అనే రకం ప్రశ్నలు కూడా ఉన్నాయి. అమెరికాలో రేమండ్ స్మల్యన్ అనే తర్కశాస్త్రజ్ఞుడు 1978లో వాటితో ఒక పుస్తకమే వేశాడు. చాలా ముచ్చటైనవి గాని, వాటిలో నిజం కానిదాన్ని నిజమనుకొని కొంతదూరం పోయి వెనక్కి రావాలి. ఏడేళ్ళకు చాలామంది పిల్లలకు అది బరువు. మూడేళ్ళో నాలుగేళ్ళో ఆగితే పోయేదేమీ లేదు.

బిడ్డ చూపు పక్కకు పోతున్నా, గబగబా ఏదో ఒక గడి మీద వేలు పెడుతున్నా ఆ రోజుకు చాలునని అర్థం. వెనకటి మెట్టులోని తేలిక ప్రశ్న ఒకటి ఇచ్చి, అది విప్పగానే ఆపండి.

కొన్నాళ్ళకు బిడ్డే కప్పులు బోర్లించి మిమ్మల్ని అడుగుతుంది. మొదట్లో ఒక్క ఆధారమే ఇచ్చి "చెప్పు అబ్బా" అంటుంది. గింజ ఎక్కడుందో మీరు చూసినా సరే, కప్పు ఎత్తకండి. "ఇంకా చెప్పలేం బేటా, ఇంకో మాట చెప్పు" అనండి.