గొంతు పట్టేస్తే గొంతే కారణమా?

ఈ పూట మేము ఒకే ఒక్క సంగతి చెప్పాలని వచ్చాం.

మా కావేరిపాక్కంలో మాకు తెలిసిన ఒక నేత పెద్దాయన ఉన్నారు. వయసు 58, చక్కెర జబ్బు కూడా ఉంది. పొద్దున పలహారం తిని, చీరల మూట భుజాన వేసుకొని చెరువు కట్ట ఎక్కితే సగంలోనే గొంతు ఎవరో పిసికినట్టు పట్టేసేది, కింది దవడ లాగేది. ఐదు నిమిషాలు కూర్చుంటే ఏమీ లేనట్టు పోయేది. ఎదలో నొప్పి లేదు. అందుకే మేమంతా గ్యాసు అన్నాం, మిరియాల కషాయం ఇచ్చాం. పంటి డాక్టరు పన్ను బాగుందన్నారు, గొంతు డాక్టరు గొంతు బాగుందన్నారు. అట్లా రెండు నెలలు పోయాయి.

చివరికి ఒక డాక్టరమ్మ అడిగారు: "మింగితే నొస్తుందా, నడిస్తే నొస్తుందా?"

"నడిస్తేనే అమ్మా, నిలబడితే పోతుంది."

ఆ మాట విని గుండె డాక్టరు దగ్గరికి పంపారు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగానే వచ్చింది. ట్రెడ్‌మిల్ మీద నడిపించేసరికి గొంతు పట్టింది, ఈసీజీ గీత మారింది. ఆంజియోగ్రామ్‌లో గుండెకు రక్తం ఇచ్చే నాళం ఒకటి బాగా సన్నబడి కనిపించింది. స్టెంట్ వేశారు.

ఆగిన మగ్గాన్ని చూస్తే లోపం తెలియదు కదా, ఆడిస్తేనే తెలుస్తుంది. గుండె కూడా అంతే. ఊరికే కూర్చున్నప్పుడు సన్నబడిన నాళంలో పారే రక్తం సరిపోతుంది. బరువు మోస్తే, మెట్లెక్కితే సరిపోదు. అప్పుడు గుండె పెట్టే మొర గొంతులో, దవడలో వినిపిస్తుంది. గుండె నుంచీ, గొంతు దవడల నుంచీ నొప్పి మోసుకెళ్లే నరాలు దగ్గర దగ్గరగా చేరుతాయి గనుక మెదడు చోటు పొరబడుతుంది. లండన్ వైద్యుడు హెబర్డెన్ 1768లోనే ఈ జబ్బు నడిస్తే వస్తుందనీ, నిలబడితే పోతుందనీ చెప్పాడు. దానికి ఆయన పెట్టిన ఆంజైనా అనే పేరుకు మూలం కూడా గొంతు నొక్కినట్టుండడమే.

గొంతు జబ్బయితే మింగేటప్పుడు నొస్తుంది, కూర్చున్నా ఉంటుంది, జ్వరమో దగ్గో తోడొస్తుంది. గుండెదయితే శ్రమతో వచ్చి, విశ్రాంతితో పోయి, మళ్లీ అంతే శ్రమకు వస్తుంది. తిన్న వెంటనే నడిచినా, చలిగాలిలో నడిచినా ఇంకా తొందరగా వస్తుంది. ఆడవాళ్లలో, చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో ఎదనొప్పి లేకుండానే రావచ్చు. అయితే పులితేన్పుల వల్ల కూడా గొంతు పట్టవచ్చు గనుక ఇంట్లో మనమే తేల్చుకోకూడదు.

డాక్టరు దగ్గర "గొంతు నొప్పి" అని ఊరుకోకండి. ఎంత దూరం నడిస్తే వస్తుంది, ఎన్ని నిమిషాలకు పోతుంది, అది చెప్పండి. ఈసీజీ బాగుందన్నా, నడిస్తే పట్టేస్తూనే ఉంటే మళ్లీ అడగండి.

ఊరికే కూర్చున్నా పట్టేసి వదలకపోతే, చెమటలు పోసినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి మీద కూర్చోబెట్టుకొని తిరగవద్దు.